తలుపు పట్టేసేది ఒకచోట, జబ్బు ఇంకోచోట

శ్రావణం వచ్చి నాలుగు గట్టి వానలు పడేసరికి కోస్తా ఊళ్ళలో ఇంటికో తలుపు మొండికేస్తుంది. మూయబోతే పైమూల ద్వారబంధాన్ని గీరుకుంటుంది. తెరవాలంటే ఒక గుంజు గుంజాలి. కొన్నాళ్ళు ఇంట్లోవాళ్ళు భుజంతో నెట్టి సర్దుకుపోతారు. ఓపిక నశించాక వడ్రంగికి ఫోను వెళ్తుంది. ఆయన వచ్చి చాలాసార్లు చేసేది ఒకే పని: గీరుకుంటున్న చోట చిత్రిక పట్టడం. పది నిమిషాల్లో తలుపు హాయిగా ఆడుతుంది, కూలి ఇచ్చి పంపిస్తాం. ఫాల్గుణం దాటేసరికి అదే మూల దగ్గర పక్కగదిలో దీపం కనిపించేంత సందు పడుతుంది. గడియ నాలుక తన గూటికి అందీ అందకుండా ఉంటుంది. మళ్ళీ వానాకాలం వస్తే తలుపు మళ్ళీ పట్టేస్తుంది.

చిత్రికను తప్పుపట్టలేం. చిక్కల్లా అది ముందు చేయాల్సిన పని కాకపోవడంలోనే ఉంది. గొళ్ళెం వైపు రాసుకునే తలుపుల్లో చాలావాటికి అసలు కారణం ఎదురుగా, బందుల వైపు ఉంటుంది. బందు కూర్చున్న గాడి లోతు, దాన్ని పట్టుకున్న నాలుగు స్క్రూలు, ఆ చుట్టూ ఉన్న సందు చూడకుండా తలుపు అంచును చెక్కితే, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ వేసినట్టే. అందుకే తలుపు ఎలా వేలాడుతుందో ముందు చూద్దాం.

మన ఇళ్ళలో పడకగది తలుపు సాధారణంగా ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అంగుళంన్నర లోపు మందం ఉంటుంది. టేకు చట్టాలతో, మధ్యలో పలకలు బిగించి చేసినదైతే సుమారు 35 కిలోలు తూగుతుంది. ఈ బరువు బందుల మీద నిట్టనిలువుగా మాత్రమే పడదు. తలుపు బరువంతా దాని నడిమధ్య, అంటే బందులకు అడుగున్నర దూరంలో ఉన్నట్టు లెక్క. అందువల్ల తలుపు ఎప్పుడూ గొళ్ళెం వైపు కిందికి వాలాలని చూస్తుంది. పై బందును ద్వారబంధం నుంచి బయటికి లాగుతుంది, కింది బందును లోపలికి నొక్కుతుంది. రెండు బందుల నడుమ దూరం ఐదడుగుల పైచిలుకు ఉంటే, పై బందు మీద పడే ఆ అడ్డలాగుడు పది కిలోలకు కాస్త తక్కువ. దూరం సగానికి తగ్గిస్తే లాగుడు రెట్టింపవుతుంది. పై బందు పైఅంచుకు ఆరంగుళాల దిగువన, కింది బందు కిందిఅంచుకు తొమ్మిదంగుళాల ఎగువన పెట్టడం అందుకే వాడుకలో స్థిరపడింది. మూడో బందును కొందరు నడిమధ్యలో పెడతారు, కొందరు పై బందుకు దగ్గరగా పెడతారు. తలుపు వంగకుండా చూడాలంటే మధ్యలో పెట్టడం మేలు. బరువైన వీధి తలుపైతే పైకి జరపడం మేలు, ఎందుకంటే లాగుడంతా అక్కడే ఉంది.

పగలూ రాత్రీ లాగుడు పడేది పై బందు మీదే కాబట్టి ముందు వదులయ్యేదీ అదే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పబోయేది సగం తెలిసినట్టే.

ఇక సందుల లెక్క. తలుపుకు, ద్వారబంధానికి మధ్య బందుల వైపు రెండు మిల్లీమీటర్లు, పైన, గొళ్ళెం వైపు మూడు మిల్లీమీటర్లు వదలడం మంచి కొలత. రూపాయి బిళ్ళలు రెండు ఒకదానిమీద ఒకటి పెడితే దాదాపు ఆ మూడు మిల్లీమీటర్లు వస్తాయి. టేపు కన్నా అదే సులువు. కింద గడప లేని గదుల్లో టైల్సుకు పైన ఐదారు మిల్లీమీటర్లు ఉండాలి. ఈ మూడు మిల్లీమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయంటే, చెక్క తాగే తేమ నుంచి.

చెక్క తేమ పీల్చుకుంటే అడ్డంగా ఉబ్బుతుంది, నార పోయిన దిక్కుకు, అంటే పొడుగునా, దాదాపుగా పెరగదు. టేకు మిగతా కలపల కన్నా నిదానస్తురాలు. దానిలో తేమ ఒక శాతం పెరిగితే, పలక కోసిన తీరును బట్టి వెడల్పులో వెయ్యింటికి ఒకటి నుంచి రెండు వంతుల దాకా పెరుగుతుంది. చట్టాల తలుపులో అడ్డచట్టాల నార అడ్డంగానే పోతుంది కాబట్టి అవి తలుపును వెడల్పు చేయవు. మధ్య పలకలు గాడుల్లో వదులుగా ఉంటాయి కాబట్టి వాటి ఉబ్బు లోపలే సర్దుకుంటుంది. ఇక ఉబ్బేవి నాలుగేసి అంగుళాల నిలువు చట్టాలు రెండే. ఎండాకాలానికీ వానాకాలానికీ తేమ మూడు శాతం మారిందనుకుంటే, రెండు చట్టాలూ కలిసి పెరిగేది ఎక్కువలో ఎక్కువ ఒక మిల్లీమీటరు పైన కాస్త. మూడు మిల్లీమీటర్ల సందు ఉన్నచోట అది హాయిగా ఇముడుతుంది. అదే మూడడుగుల వెడల్పూ పలకలు పక్కపక్కన అతికి చేసిన తలుపైతే ఐదు మిల్లీమీటర్ల దాకా పోతుంది; పెరటి తలుపులు అంతగా మొరాయించడం అందుకే.

దీన్నుంచే ఇంకో ఆనవాలు దొరుకుతుంది. నిలువు చట్టాలు పైనుంచి కిందిదాకా ఒకే కర్ర కాబట్టి, చట్టాల తలుపు వానకు ఎత్తు పెరగదు. కాబట్టి ఎవరింట్లోనైనా తలుపు కిందిఅంచు నేలను గీరుతుంటే, 'వానకు ఉబ్బిందండీ' అన్న మాట నమ్మక్కర్లేదు. అయితే తలుపు వాలి ఉండాలి, లేదా నేల లేచి ఉండాలి. పాత గచ్చు మీదే టైల్సు పరిచిన ఇళ్ళలో రెండోది తరచు చూస్తాం.

ఇప్పుడు బందు కూర్చోబెట్టే పని. వడ్రంగి చేతివాటం బయటపడేది ఇక్కడే. ముందు ద్వారబంధం నిలువు కమ్ములు నిట్టనిలువుగా ఉన్నాయా అని గుండు కట్టిన దారం వేలాడదీసి చూడాలి. కమ్మి ఒక పక్కకు ఒరిగి ఉంటే తలుపు తనంతట తానే తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది. బందులతో దాన్ని సరిచేయడం కష్టం. తర్వాత తలుపును ద్వారబంధంలో నిలబెట్టి, కింద చీలలు దోపి, పైనా పక్కలా అనుకున్న సందులు వచ్చేదాకా సర్దాలి. తలుపు వేలాడితే ఎలా ఉండాలో అలా ముందే నిలబెట్టి చూసుకోవడమన్నమాట. బందులు ముందు తలుపుకు బిగించి, మళ్ళీ చీలల మీద నిలబెట్టి, బందు పైఅంచు, కిందిఅంచు ద్వారబంధం మీద ఎక్కడ పడతాయో అక్కడే కత్తిమొనతో గాటు పెట్టాలి. టేపుతో తలుపు మీద ఒకసారి, కమ్మి మీద ఒకసారి విడివిడిగా కొలిస్తే రెండు కొలతల మధ్య ఒక మిల్లీమీటరు తేడా ఎక్కడో దూరుతుంది. మూడు బందుల్లో ఒకటి ఆ మిల్లీమీటరు పైకో కిందికో పోయినా బరువంతా మిగతా రెండింటి మీద పడుతుంది.

గాడి గీతలు పెన్సిల్‌తో కాక కత్తితో గీయమనడానికి కారణం ఉంది. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, ఉలి ఆ మందంలో ఎటైనా పోతుంది. కత్తిగాటులో ఉలిమొన దానంతటదే కూర్చుంటుంది, పైగా అంచున నార ముందే తెగి ఉంటుంది కాబట్టి పెచ్చు లేవదు. బందు రేకును చెక్క మీద ఆనించి మూడువైపులా గాటు పెట్టాలి. లోతుకు మార్కింగ్ గేజ్‌ను రేకు మందానికి సరిచేసి అంచున ఒక గీత లాగాలి. నాలుగంగుళాల స్టీలు బందుకు ఈ మందం రెండు, మూడు మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఊహించకుండా చేతిలో ఉన్న బందునే కొలవాలి.

ఉలి పట్టాక మొదట నారకు అడ్డంగా ఉన్న రెండు చివరి గీతలను కొట్టాలి. నిలువు గీతతో మొదలుపెడితే చెక్క నార వెంట చీలి, గాడి దాటి పైకి పాకుతుంది. ఉలి చదును ముఖం ఎప్పుడూ నిలవాల్సిన చెక్క వైపు, ఏటవాలు ముఖం పోవాల్సిన చెక్క వైపు ఉండాలి. చివరలు తెగాక, వాటి మధ్య ఐదారు మిల్లీమీటర్లకొకటి చొప్పున అడ్డగాట్లు వరసగా పెట్టాలి, గేజ్ గీతకు వెంట్రుకవాసి పైనే ఆపాలి. అప్పుడు ఉలిని పక్కనుంచి పడుకోబెట్టి, సుత్తి పక్కన పెట్టి, చేత్తోనే నెడితే ఆ ముక్కలు పొరలుపొరలుగా ఊడివస్తాయి. చివరి పొర అట్టలా పలచగా రావాలి. ఉలికి పదును ఉందో లేదో ఆ పొరే చెబుతుంది: పదునుంటే అడుగు మెరుస్తుంది, లేకపోతే పీచు లేస్తుంది.

రేకును గాడిలో పెట్టి వేలితో తడిమితే చెక్కకూ రేకుకూ మధ్య మెట్టు తగలకూడదు. రేకు పైకి ఉంటే బందుల వైపు సందు పెరిగి, ఆ మేరకు గొళ్ళెం వైపు తగ్గుతుంది. లోతు ఎక్కువై రేకు దిగిపోతే ఇంకా చికాకు: తలుపు పూర్తిగా మూసుకోకముందే దాని అంచు కమ్మికి ఆని వెనక్కి తన్నుతుంది. గాడి అడుగు ఒకవైపు లోతుగా, ఒకవైపు పైకి ఉన్నా రేకు మెలిపడి తలుపు బిగుసుకుంటుంది. లోతు తక్కువైతే ఇంకో పొర తీయొచ్చు. ఎక్కువైతే అట్ట పెట్టాలి తప్ప తీసిన చెక్కను తిరిగి పెట్టలేం. చేయి ఎటు మొగ్గాలో దీన్ని బట్టే తెలుస్తుంది.

స్క్రూల సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. మన దగ్గర స్క్రూను సుత్తితో ముప్పాతిక వంతు కొట్టి, చివర రెండు చుట్లు స్క్రూడ్రైవర్‌తో తిప్పి 'బిగిసిందండీ' అనడం మామూలైపోయింది. కొట్టిన స్క్రూ మర చెక్కను కోసుకుంటూ వెళ్ళదు, నారను చింపుకుంటూ వెళ్తుంది. మొదట్లో గట్టిగానే ఉన్నట్టుంటుంది, కానీ మర పట్టుకోవడానికి చుట్టూ చెక్కే మిగలదు. పది కిలోల లాగుడు రోజూ పడే పై బందులో అది ఎన్నాళ్ళో నిలవదు. ఎనిమిదో నంబరు స్క్రూకు టేకులో మూడు మిల్లీమీటర్ల బిట్టుతో ముందు రంధ్రం చేసి, మరకు కాస్త సబ్బో కొవ్వొత్తి మైనమో రాసి, తిప్పుతూ దించాలి. రంధ్రాన్ని రేకు కన్నానికి నడిమధ్యన కాక, గాడి వెనకగోడ వైపు అరమిల్లీమీటరు జరిపి చేస్తే, స్క్రూ తల కూర్చునేటప్పుడు రేకును వెనక్కి లాగి గాడిలో బిగిస్తుంది. ఒక్కో బందుకు ముందు ఒక్కో స్క్రూ మాత్రమే వేసి, తలుపును ఆడించి, సందులు చూసుకున్నాకే మిగతావి వేయాలి. ఇత్తడి స్క్రూలైతే అదే కొలత స్టీలు స్క్రూను ముందు దించి తీసి, ఆ దారిలో ఇత్తడిది వేయాలి, లేకపోతే తల తెగి చేతికొస్తుంది.

గొళ్ళెం వైపు అంచును కొంచెం వాలుగా చిత్రిక పట్టే అలవాటుకూ కారణం ఉంది. తలుపు తెరుచుకునేటప్పుడు దాని వెనకమూల, అంటే ద్వారబంధం మెట్టుకు ఆనే వైపు మూల, ముందుమూల కన్నా కాస్త పెద్ద చుట్టు తిరగాలి. మూడడుగుల తలుపుకు ఆ తేడా మిల్లీమీటరు లోపే, తలుపు ఇరుకయ్యేకొద్దీ పెరుగుతుంది. అందుకే మెట్టు వైపు అంచును రెండు మిల్లీమీటర్లు తగ్గిస్తారు. ఆ వాలు లేని తలుపుకు సందు సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, తెరిచే క్షణంలో ఒక్కసారి రాసుకుంటుంది.

మచిలీపట్నంలో మా పిన్నిగారి ఇంట్లో పడకగది తలుపు వానాకాలంలో గొళ్ళెం వైపు పైమూల పట్టేసేది. చిత్రిక పట్టించడానికి ఆవిడ మనిషిని పిలిచారు కూడా. ఆ పని ఆపి ముందు సందులు కొలిచాం. బందుల వైపు పైన నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు, కింద రెండుకు తక్కువ. గొళ్ళెం వైపు పైన కాగితం కూడా దూరడం లేదు, కింద మాత్రం రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. ఉబ్బిన తలుపైతే సందు పైనుంచి కిందిదాకా ఒకేలా తగ్గాలి. ఇక్కడ ఒకవైపు పైన వెడల్పు, ఇంకోవైపు పైన ఇరుకు. అంటే తలుపు మొత్తం గొళ్ళెం వైపు ఒరిగింది. తలుపును సగం తెరిచి, గొళ్ళెం వైపు అంచు పట్టుకుని పైకెత్తితే పై బందు రేకు ద్వారబంధం దగ్గర కదలడం కంటికే కనిపించింది. నాలుగు స్క్రూల్లో రెండు స్క్రూడ్రైవర్ పెడితే ఎంతసేపైనా ఊరికే తిరుగుతున్నాయి.

లెక్క చూస్తే అంతా సరిపోయింది. పై బందు రెండు మిల్లీమీటర్లు బయటికొస్తే గొళ్ళెం వైపు పైమూల రెండు మిల్లీమీటర్ల పైన కాస్త బయటికి జరుగుతుంది, ఆ వైపు తలుపు ఒక మిల్లీమీటరు కిందికి దిగుతుంది. మూడు మిల్లీమీటర్ల సందులో మిగిలింది ఒక్కటి కూడా లేదు. దాని మీద వాన తెచ్చిన మరో మిల్లీమీటరు ఉబ్బు పడేసరికి తలుపు పట్టేసింది. ఎండలొస్తే ఆ ఉబ్బు పోతుంది, తలుపు ఆడుతుంది, వదులైన బందు సంగతి ఎవరికీ గుర్తు రాదు. వానను నిందించడం ఇలాగే మొదలవుతుంది.

మరమ్మతుకు ఒక పూట సరిపోయింది, జిగురు ఆరడానికి మాత్రం ఒక రాత్రి ఆగాల్సి వచ్చింది. గొళ్ళెం వైపు కింద చీల దోపి తలుపును దాని పాత ఎత్తుకు లేపి, పై బందు స్క్రూలన్నీ తీసేశాం. చిరిగిపోయిన రంధ్రాలను ఎనిమిది మిల్లీమీటర్ల బిట్టుతో శుభ్రంగా తొలిచి, టేకు ముక్కతో చేసిన గుండ్రటి మేకులకు కొయ్యజిగురు రాసి దిగ్గొట్టి, తెల్లారాక పైకి మిగిలింది ఉలితో సమంగా కోశాం. అగ్గిపుల్లలు కుక్కి స్క్రూ వేసే పద్ధతి తాత్కాలికమే. అది కూడా జిగురు లేకుండా అయితే నెల తిరక్కముందే మళ్ళీ మొదటికొస్తుంది. కొత్త రంధ్రాలు చేసి, అంగుళంపావు స్క్రూల బదులు రెండంగుళాలవి దించాం. ద్వారబంధం నాలుగంగుళాలకు రెండున్నర అంగుళాల కమ్మి కాబట్టి ఆ పొడుగుకు చెక్క ఉంది. తలుపు అంచున అయితే పొడుగు స్క్రూ అవసరం లేదు, చట్టం చీలే ప్రమాదమూ ఉంటుంది. చీల తీశాక గొళ్ళెం వైపు సందు పైనుంచి కిందిదాకా రెండు మిల్లీమీటర్ల దగ్గర నిలిచింది. వానాకాలంలో అంతే ఉండాలి, ఎండల్లో మూడవుతుంది. చిత్రిక పెట్టెలోంచి బయటికే రాలేదు.

అన్ని తలుపులదీ ఇదే కథ కాదు. స్క్రూలన్నీ బిగుతుగా ఉండి, బందుల వైపు సందు అసలు లేకుండా, తలుపు మూస్తే స్ప్రింగులా వెనక్కి వస్తుంటే, గాడి లోతెక్కువైందనో స్క్రూ తల రేకు పైకి లేచి ఎదుటి రేకుకు తగులుతోందనో అర్థం. తలలు సరిగా దించి చూసి, అయినా తన్నుతుంటే, రేకు వెనక పాత శుభలేఖ అట్టను రేకు ఆకారానికి కత్తిరించి ఒకటో రెండో పొరలు పెడితే చాలు. తలుపు గొళ్ళెం వైపు కొద్దిగా నేలను తాకుతుంటే, పై బందు గట్టిగానే ఉంటే, అట్టను కింది బందు వెనక పెట్టాలి: అక్కడ ఒక మిల్లీమీటరు తోస్తే గొళ్ళెం వైపు అరమిల్లీమీటరు లేస్తుంది. అంతకు మించి ఆశపడొద్దు. మూడు మిల్లీమీటర్లు లేవాలంటే ఆరు మిల్లీమీటర్ల అట్ట కావాలి, అది బందుకు పట్టే పని కాదు. టైల్సు లేచినచోట తలుపు దింపి కింద కోయడమే దారి.

సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఇరుకైతే మాత్రం అది నిజంగా ఉబ్బే. అప్పుడు కూడా వానాకాలం నడుమ చెక్కించుకోకుండా, ఆగగలిగితే ఆగి, చెక్క ఆరాక సందు కొలిచి, రెండు మిల్లీమీటర్లకు తక్కువుంటే ఆ లోటు మాత్రమే తీయించాలి. ఎక్కడ తాకుతోందో తెలియకపోతే ద్వారబంధానికి, తలుపుకు మధ్య కార్బన్ కాగితం పెట్టి మూస్తే మరక పడ్డచోటే తగులుతున్నట్టు. తీసే చెక్క బాగా ఎక్కువైతే గొళ్ళెం వైపు కాక బందుల వైపు తీయడం మేలు. ఆ వైపు తాళంపెట్టె ఉండదు, వాలు చెడదు, గాడులు కొంచెం లోతు చేసుకుంటే సరిపోతుంది.

తలుపు దింపిన రోజున పైఅంచు, కిందిఅంచు ఒకసారి తడిమి చూడండి. ద్వారబంధంలో నిలబెట్టాక రంగు వేసే మనిషి కుంచె అక్కడికి చేరదు కాబట్టి చాలా ఇళ్ళలో ఆ రెండు అంచులూ పచ్చి చెక్కగానే ఉండిపోతాయి. నిలువు చట్టాల నారకొనలు తేలేది అక్కడే, చెక్క తేమను అన్నిటికన్నా వేగంగా తాగేదీ ఆ కొనల్లోంచే. చిత్రిక పట్టిన అంచుకు, ఈ రెండు అంచులకు, బందు గాడుల లోపలికి రెండేసి పూతలు వేసి ఆరాకే తలుపు తిరిగి ఎక్కించాలి. స్నానాలగది తలుపైతే కిందిఅంచుకు మూడో పూత కూడా వేయించండి.